మిట్ట ఎండలో ఫ్లాష్: హై స్పీడ్ సింకా, ఎన్‌డీ ఫిల్టరా?

దిండి దగ్గర వశిష్ఠ గట్టున ప్రీ వెడ్డింగ్ షూట్ అనగానే అందరూ అడిగేది ఒక్కటే. వెనక గోదావరి, కొబ్బరి చెట్లు మసకగా ఉండాలి, జంట మొహాలు వెలిగిపోవాలి. ఎండ వెనక నుంచి పడుతుంటే మొహాలు నల్లబడతాయి కాబట్టి ఫ్లాష్ తప్పదు. మంచి ఎండలో ఐఎస్‌ఓ 100 దగ్గర 1/200కి f/11 కావాలి. వెనకది మసకబార్చాలని f/2.8కి వస్తే షట్టర్ 1/3200 దాకా పోతుంది. చిక్కంతా అక్కడే.

షట్టర్‌లో రెండు కర్టెన్లు ఉంటాయి. మొదటిది సెన్సార్‌ని తెరుస్తుంది, రెండోది వెనకే వచ్చి మూసేస్తుంది. ఒక కర్టెన్ ఆ చివరి నుంచి ఈ చివరికి రావడానికి 4 మిల్లీసెకన్లు పడుతుందనుకోండి. 1/200 అంటే 5 మిల్లీసెకన్లు కాబట్టి సెన్సార్ మొత్తం తెరిచి ఉండే క్షణం ఒకటి దొరుకుతుంది. మామూలు ఫ్లాష్ సరిగ్గా అప్పుడే మెరుస్తుంది. అదే 1/500 పెడితే రెండోది 2 మిల్లీసెకన్లకే బయలుదేరుతుంది. మొదటిది గమ్యం చేరేసరికి రెండోది సగం దూరం వచ్చేసి ఉంటుంది, ఫ్లాష్ వెలుగు మిగతా సగానికే అందుతుంది. 1/1000 అయితే ముప్పావు వంతు పోతుంది. సెన్సార్ మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది, కర్టెన్లు మామూలుగా పైనుంచి కిందికి దిగుతాయి. అందుకే ఫ్లాష్ వెలుగు అందని భాగం అడ్డం ఫొటోలో చీకటి పట్టీలా అడుగున కనిపిస్తుంది, కెమెరాని నిలువుగా తిప్పితే పక్కన.

రాత్రి పెళ్లి మండపంలో ఇది నల్లగా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఎండలో మోసం చేస్తుంది. ఎండ వెలుగు ఆ భాగానికీ అందుతుంది కాబట్టి పట్టీ నల్లగా ఉండదు, చీర కుచ్చిళ్ల దగ్గర కాస్త చీకటిగా అనిపిస్తుంది, అంతే. చాలామంది దాన్ని నీడ అనుకుంటారు. అంచు అడ్డంగా తిన్నగా సాగితే అది నీడ కాదు. కెమెరాతో మాట్లాడే ఫ్లాష్ అయితే మామూలుగా సింక్ స్పీడ్, అంటే సెన్సార్ మొత్తం తెరిచి ఉండే గరిష్ఠ షట్టర్ వేగం, దాటనివ్వదు. మధ్యలో ఒక్క పిన్ను మాత్రమే ఉండే చవక ట్రిగ్గర్ పెడితే కెమెరాకి ఆ సంగతే తెలియదు. రేడియో ట్రిగ్గర్ తెచ్చే కాస్త ఆలస్యానికి కొన్నిసార్లు 1/200 దగ్గరే సన్నని గీత పడుతుంది, 1/160కి దిగితే పోతుంది.

ఇక దారులు. f/11 దగ్గరే ఉండిపోవడం మొదటిది. వెనక పడవ, లంక, ఏటి నీళ్లు అన్నీ స్పష్టంగా కావాలంటే ఇదే మేలు, ఖర్చు లేదు. మసక కావాలంటే మాత్రం పనికిరాదు.

రెండోది హై స్పీడ్ సింక్. ఇందులో ఫ్లాష్ ఒక్కసారి మెరవదు. రెండు కర్టెన్ల మధ్య చీలిక సెన్సార్ దాటేంత సేపూ వేగంగా మినుకుతూనే ఉంటుంది, అందుకే పట్టీ పడదు. కానీ ఆ వెలుగులో చాలా భాగం మూసిన కర్టెన్ల మీద పడి వృథా అవుతుంది. మొత్తం మీద సుమారు రెండు స్టాపులు పోతాయి, అంటే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది.

మూడోది 1/200 దగ్గరే ఉండి, f/2.8 తెరిచి, లెన్స్ ముందు వెలుగుని తగ్గించే బూడిదరంగు అద్దం, అంటే నాలుగు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్, తగిలించడం. ఫిల్టర్ ఎండనీ ఫ్లాష్‌నీ సమానంగా తగ్గిస్తుంది, అపర్చర్ రెండింటినీ సమానంగా పెంచుతుంది. కాబట్టి ఫ్లాష్ సత్తా f/11 దగ్గర ఎంతో ఇక్కడా అంతే.

లెక్క చూస్తే తేడా అర్థమవుతుంది. గైడ్ నంబర్ అంటే ఫ్లాష్ సత్తా, దాన్ని f నంబర్‌తో భాగిస్తే ఫ్లాష్ అందే దూరం మీటర్లలో వస్తుంది. గైడ్ నంబర్ 33 ఉన్న ఫ్లాష్ పూర్తి పవర్‌తో f/11 దగ్గర 3 మీటర్ల దాకా ఎండకి సరితూగుతుంది. ఎన్‌డీతోనూ అదే 3 మీటర్లు. హై స్పీడ్ సింక్‌లో రెండు స్టాపులు పోతే దూరం సగమై, 1.5 మీటర్లకి రావాలి. నిలువెత్తు జంటని తీస్తుంటే అంత దగ్గర పెట్టిన స్టాండు ఫ్రేములోకి వచ్చేస్తుంది. గొడుగు తగిలిస్తే ఇంకా తగ్గుతుంది. వరసగా కొడుతుంటే ఫ్లాష్ వేడెక్కి మొరాయిస్తుంది కూడా.

నిలబెట్టి తీసే ఫొటోలకి నా ఓటు ఎన్‌డీకే. అలాగని తలనొప్పి లేదని కాదు. అద్దమున్న డీఎస్‌ఎల్‌ఆర్‌లో వ్యూఫైండర్ చీకటిగా ఉంటుంది, ఆటోఫోకస్ తడబడుతుంది. చవకరకం తిప్పే ఫిల్టర్లు ఎక్కువగా బిగిస్తే ఆకాశంలో ఎక్స్ ఆకారంలో మరకలేస్తాయి, కాబట్టి స్థిరమైన ఎన్‌డీ కొనుక్కోవడం మంచిది. పెళ్లికూతురు ఇసుక తిన్నె మీద పరిగెత్తుతూ పైట ఎగరేస్తోందనుకోండి, అప్పుడు 1/200 చాలదు, అంచులు చెదురుతాయి. అక్కడ హై స్పీడ్ సింక్ పెట్టి, దగ్గరికెళ్లి నడుము దాకా తీయడమే దారి.

అదే జంటని కొబ్బరితోట నీడలోకి తీసుకెళ్తే 1/200 దగ్గరే f/4 కుదిరిపోవచ్చు. అప్పుడు ఫిల్టరూ అక్కర్లేదు, హై స్పీడ్ సింకూ అక్కర్లేదు.