నాలుగేళ్లు వాడాక: నా పోత ఇనుప పెనం, అమ్మ పెనం

ఈ దేశానికి వచ్చిన రెండో వారంలో, ఒక ఆదివారం పొద్దున, నా జీవితంలో మొదటి ఆమ్లెట్ వేశాను. ముందు రోజే కొన్న పది అంగుళాల పోత ఇనుప పెనం. రెండు గుడ్లు, సగం ఉల్లిపాయ, ఒక పచ్చిమిర్చి, చిటికెడు ఉప్పు. మూడు నిమిషాల తర్వాత చూస్తే పెనానికి అతుక్కుపోయిన పసుపుపచ్చ అట్ట మిగిలింది. అట్లకాడతో గీకితే పైన ముక్కలు లేచాయి, అడుగు లేవలేదు. ఈలోగా పొగ అలారం మోగడం మొదలుపెట్టింది. దాని కింద నిలబడి తువ్వాలు ఊపుతుంటే అమ్మ వంటగది గుర్తొచ్చింది.

అమ్మ పెనం మీద గుడ్డు ఎప్పుడూ అంటుకోలేదు. పెనం వేడెక్కాక ఆమె చేతివేళ్లు నీళ్లలో ముంచి ఒక్క చుక్క చిలకరించేది. చుక్క సుయ్‌మని ఒకటి రెండు క్షణాల్లో ఆవిరైపోతే నూనె వేసేది. అదే చుక్క ఆవిరవకుండా ముత్యంలా పెనమంతా దొర్లితే, పెనం దించి కాసేపు పక్కన పెట్టేది. చిన్నప్పుడు నేను ఆ దొర్లే చుక్క కోసమే స్టూలెక్కి చూసేవాణ్ణి. అది సరదా కాదు, హెచ్చరిక అని ఇక్కడికొచ్చాకే తెలిసింది. చుక్క అలా దొర్లిందంటే పెనం 200 డిగ్రీల దగ్గరలో ఉన్నట్టు. గుడ్డు తెల్లసొన 60 డిగ్రీలు దాటితేనే గట్టిపడటం మొదలవుతుంది. అంత సెగ మీద పోస్తే పైన పచ్చిగా ఉండగానే అడుగు మాడుతుంది. ఆ రోజు నేను చేసింది అదే.

ఇంకో తేడా పొయ్యిది. గ్యాస్ తగ్గిస్తే మంట వెంటనే తగ్గుతుంది. నా గదిలోది పైన అద్దం పలక ఉన్న కరెంటు పొయ్యి. నాబ్ తిప్పాక కూడా ప్లేటు చాలాసేపు అదే వేడి మీద ఉంటుంది, పైగా బరువైన ఇనుము ఆ వేడిని వదలదు. అందుకే ఇప్పుడు పొయ్యిని మధ్యస్థం కన్నా కొంచెం కింద పెట్టి, ఐదారు నిమిషాలు తీరిగ్గా వేడెక్కనిస్తాను. ఆ తర్వాతే చుక్క పరీక్ష.

ఇక పెనం సంగతి. ఆ సాయంత్రం అమ్మకు ఫోన్ చేస్తే మొత్తం విని, "నా పెనానికి ఇరవై ఏళ్లు రా నాన్నా, నీదానికి ఒక్క రోజు" అంది. సీజనింగ్ చేసే ఇచ్చామని డబ్బా మీద రాసుంది గానీ ఆ పూత పల్చన. పెనం నున్నగా కావాలంటే నూనె పొర వేడికి కాలి ఇనుముకు గట్టిగా పట్టాలి. మొదటిసారి బాగా పడుతుందని నూనె ధారాళంగా రాశాను. పెనం జిగురు జిగురుగా, వేలు పెడితే అంటుకునేలా తయారైంది. అదంతా గీకేసి మళ్లీ చేశాను: కడిగి, పొయ్యి మీద తడి ఆర్చి, అర చెంచా నూనె అంతటా రాసి, రాయనే లేదేమో అనిపించేంతగా గుడ్డతో తుడిచేసి, ఓవెన్‌లో బోర్లించి 230 డిగ్రీల్లో గంటసేపు. చల్లారాక మళ్లీ అదే, మొత్తం మూడు సార్లు. అయినా ఆమ్లెట్ జారడానికి రెండు నెలల రోజువారీ వాడకం పట్టింది. అంచులు ఎండి వాటంతట అవే లేచేదాకా అట్లకాడ పెట్టకూడదు. పెనం కదిపితే ఆమ్లెట్ కూడా కదలాలి, అప్పుడే తిప్పాలి.

సబ్బు తగలకూడదంటుంది అమ్మ. ఈ ఒక్కదాంట్లో ఆమె మాట వినను. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వాడితే ఏమీ కాలేదు. పాడుచేసేవి స్టీలు పీచు, నీళ్లలో నానబెట్టడం. రెండో ఏడు రూమ్మేట్ మంచి మనసుతో రాత్రంతా సింకులో నానేశాడు. పొద్దున్నకి ఎర్రగా తుప్పు. మళ్లీ మొదటి నుంచీ సీజనింగ్.

లోపాలు దాచను. బరువు రెండు కిలోల పైనే, ఒక చేత్తో ఎత్తి ఆమ్లెట్‌ను ప్లేటులోకి జార్చడం నాకిప్పటికీ రాదు. పిడి కాలుతుంది, మందపాటి గుడ్డ తప్పనిసరి. టమాటా ముక్కలు ఎక్కువసేపు మగ్గిస్తే పులుపుకు పూత లేచిపోతుంది. పొద్దున్నే ఆఫీసు తొందర ఉన్నవాళ్లకు నాన్‌స్టిక్కే నయం. నాకు మాత్రం అంచులు కరకరలాడే ఆమ్లెట్ కావాలి, అది దీని మీదే వస్తుంది.

పోయిన సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు అమ్మ పెనం ఇవ్వమని అడిగాను. దాని అడుగు కొంచెం ఉబ్బి ఉంటుంది, నా అద్దం పొయ్యి మీద సరిగ్గా కూర్చోదని తెలిసే అడిగాను. అమ్మ దాన్ని గూట్లోకి ఇంకాస్త వెనక్కి జరిపి, "నీది నువ్వు నల్లగా చేసుకో" అంది.