సీఏ ఇంటర్ కేస్ ప్రశ్నలు: మెలికంతా తేదీలోనే

మే 2024 నుంచి ముప్పై మార్కులకు కేస్ ప్రశ్నలు వస్తున్నాయని అందరికీ తెలుసు, దాని గురించి మళ్లీ చెప్పను. కడపలో పిల్లలతో ఇన్నాళ్లుగా ఇవి చేయించాక నాకు బాగా నచ్చిందల్లా ఒక్కటే. ఖాతాలు ముగిసిన తేదీ తర్వాత జరిగే సంగతుల గురించి చెప్పే అకౌంటింగ్ స్టాండర్డు ఏఎస్ 4 మీద వచ్చే కేసుల్లో స్టాండర్డు బట్టీ పట్టినోడు కూడా తేదీ దగ్గర దొరికిపోతాడు.

ఇట్లాంటి కేసు తీసుకోండి. నాపరాళ్లు పాలిష్ చేసే కంపెనీ. ఖాతాలు మార్చి 31, 2025కి ముగిశాయి, బోర్డు జూన్ 20న ఆమోదించింది. ఒక డీలరు 12 లక్షలు బాకీ. ఏప్రిల్ 25న అతను దివాలా తీశాడు, అరవై శాతం రాదని అంచనా. ఏప్రిల్ అనగానే "ఇది వచ్చే ఏడాది సంగతి, వెల్లడిస్తే చాలు" అని రాసేస్తారు. పేరా మధ్యలో "ఫిబ్రవరి నుంచే చెక్కులు బౌన్స్ అవుతున్నాయి" అని ఒక ముక్క ఉంటుంది. మొత్తం తిరిగేది అక్కడే. మార్చి 31కే డీలరు పరిస్థితి చెడింది, దివాలా దానికి రుజువు మాత్రమే. కాబట్టి ఈ ఏడాది లాభనష్టాల ఖాతాకు డెబిట్ వేసి 7.20 లక్షల ప్రొవిజన్ కట్టాలి.

అదే డీలరు మార్చి దాకా సక్రమంగా కడుతూ వచ్చి, ఏప్రిల్ 10న బీమా లేని గోదాము కాలిపోయి మునిగితే అంకెలు కదలవు. నష్టం పెద్దదైతే బోర్డు రిపోర్టులో చెప్పాలి. ఫైనల్‌లో ఇండ్ ఏఎస్ 10 కింద ఇదే సంగతి నోట్సులో వస్తుంది. ఇక మంట మార్చి 29న అంటుకుని, కబురు ఏప్రిల్ 4న అందిందనుకోండి. సర్దుబాటు చేయాల్సిందే. ఎప్పుడు తెలిసిందన్నది కాదు, ఎప్పుడు జరిగిందన్నది చూడాలి. నేను చూసిన తప్పుల్లో సగానికి పైగా ఇక్కడివే. దివాలా జూన్ 20 దాటాక తీస్తే, ఏజీఎం ఇంకా జరగకపోయినా సరే, ఏఎస్ 4 పరిధిలోకే రాదు.

పైన మెచ్చుకున్నానే గానీ, ఓఎంఆర్ షీటు మీద ఇదంతా ఒక్క గుండ్రంలో ఇమిడిపోతుంది. "7.20 లక్షలు" దిద్దినోడు ఫిబ్రవరి చెక్కులు చూసి దిద్దాడో, లాటరీ కొట్టాడో తెలీదు. నెగెటివ్ మార్కులు కూడా లేవాయె. వివరంగా రాసే ప్రశ్నలో అయితే నిబంధన, తేదీ, ముగింపు, ఎంట్రీ వరుసగా రాస్తే, ముగింపు తప్పినా కొంత దక్కే వీలుంది. అందుకే మా దగ్గర ప్రతి జవాబు పక్కనా ఏ వాక్యం చూసి దిద్దారో గీత గీయిస్తున్నాం. టైము తింటుంది, నిజమే. ఆర్టికల్‌షిప్‌లో బాకీదారుల లెడ్జరు తిరగేసినవాళ్లకు ఇంత అక్కర్లేకపోవచ్చు. మా పిల్లల్లో ఎక్కువమంది ఇంకా లెడ్జరు మొహం చూడనివాళ్లు.