అద్దె సరైనదేనా: యాప్‌లో చూడాలా, వీధిలో అడగాలా?

తిరుపతి ఎం.ఆర్.పల్లిలో 1,000 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూమ్‌కి ఓనరు 15,000 అడిగారనుకుందాం.

యాప్: ఖర్చు లేదు, పది నిమిషాల పని. కానీ కనిపించేది అడిగే ధర, కుదిరిన ధర కాదు. ప్రకటన నెలలు గడిచినా అలాగే ఉంటే ఆ రేటు నమ్మకండి.

వీధి: ఒక సాయంత్రం తిరగాలి. అదే సైజు ఫ్లాట్‌లో ఈమధ్యే చేరినవాళ్లని అడగండి. పాతవాళ్ల అద్దె తక్కువే ఉంటుంది, పోలికకు పనికిరాదు. కొత్తగా చేరినవాళ్లు అద్దె 12,500, మెయింటెనెన్స్ 1,500 కడుతుంటే మొత్తం 14,000. మీ 15,000లో మెయింటెనెన్స్ కలిసుంటే తేడా వెయ్యే, బేరమాడొచ్చు. అదే 1,500 విడిగా అంటే తేడా 2,500. నేనైతే వదిలేస్తా.

వేరే ఊళ్లో ఉండి వెతికేవాళ్లకు మొదట యాప్ చాలు. అడ్వాన్స్ చేతిలో పెట్టేముందు మాత్రం వీధే.