ముక్కూమొహం తెలియనివాళ్ల తీర్పు: ఏడాది పాటు ట్రయల్ రీల్స్ వాడాక

ట్రయల్ రీల్ ఎక్కడ ఆన్ చేయాలో, ఎలా పెట్టాలో చెప్పే వీడియోలు బోలెడున్నాయి కాబట్టి ఆ జోలికి పోను. ఇన్‌స్టాగ్రామ్ 2024 డిసెంబర్‌లో దీన్ని తెచ్చింది. నేను ఆ తర్వాతి సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టాను. తెనాలిలో జాకెట్లు కుట్టే షాపు నాది. కటింగ్ వీడియోలు పెడతాను. ఫాలోవర్లు ఆరు వేల పైచిలుకు. అందులో సగం మంది కస్టమర్లు, చుట్టాలు, నా దగ్గర కుట్టు నేర్చుకున్న పిల్లలే.

నాకు ఈ ట్రయల్ మీద ఇంత ప్రేమ ఎందుకంటే, అది మొదట నా వాళ్లెవరికీ చూపించదు. ఫాలో అవ్వనివాళ్లకే చూపిస్తుంది. ప్రొఫైల్లోనూ కనపడదు. ఎవరైనా మెసేజ్‌లో పంపితేనో, అదే పాట వాడిన రీల్స్ పేజీలాంటి చోట తగిలితేనో తప్ప మా ఆడపడుచు కంట పడదు.

అదేం గొప్ప అంటారేమో. మామూలుగా రీల్ పెట్టినా అది ఒక్కసారే లోకమంతా వెళ్లదు. ఇన్‌స్టాగ్రామ్ 2024 ఏప్రిల్‌లో తనే చెప్పింది: నచ్చుతుందనుకున్న కొద్దిమందికి ముందు చూపిస్తారు, వాళ్లు మనల్ని ఫాలో అవుతున్నా అవ్వకపోయినా సరే. వాళ్లలో బాగా ఆడిన రీల్స్‌ని ఇంకొంచెం పెద్ద గుంపుకి, అందులోనూ నిలబడ్డవాటిని ఇంకా పెద్ద గుంపుకి చూపిస్తారు. అంటే మొదటి గుంపు దగ్గర ఆగిపోయిన వీడియోని రెండో గుంపు చూసే అవకాశం తక్కువ. ఎంతసేపు చూశారు, ఎంతమంది లైక్ కొట్టారు, ఎంతమంది ఇంకొకరికి పంపారు అన్నవే ముఖ్యమని ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొసేరి చెప్పాడు. కొత్తవాళ్లకి చేరాలంటే లైక్ కన్నా పంపడం ఎక్కువ పనిచేస్తుందనీ చెప్పాడు.

ఇప్పుడు మా వాళ్ల సంగతి చూడండి. మా పిన్ని నా వీడియో కనపడగానే లైక్ కొట్టి పైకి జరిపేస్తుంది. అభిమానం ఉంది, కానీ జాకెట్ కటింగ్‌తో ఆవిడకేం పని? ఇలాంటివాళ్లు ఓ యాభైమంది ఉంటే లైకులు నిండుగా కనిపిస్తాయి, చూసిన సమయం మాత్రం రెండేసి సెకన్లే ఉంటుంది. ఆ లైకులు చూసి వీడియో బాగుందనుకుంటూ చాలాకాలం గడిపాను. ఎందుకు ముందుకెళ్లట్లేదో అర్థమయ్యేది కాదు.

అర్థమైంది చంక ముడతల వీడియోతో. జాకెట్ వేసుకున్నాక చంక ముందు భాగంలో గుడ్డ కుప్పపడుతుంది కదా, దానిమీద 48 సెకన్ల వీడియో చేశాను. ముందు భాగం చంక రౌండ్‌ని వెనక భాగం కన్నా అర అంగుళం లోపలికి తీయాలి, అదే మందు. మొదట్లో "నమస్తే అండీ" చెప్పి, గుడ్డ పరిచి, మడత పెట్టి, తర్వాత విషయంలోకి వచ్చాను. ట్రయల్‌లో పెట్టి ఇరవైనాలుగు గంటలాగి లెక్కలు తెరిచాను. ఎంతసేపు చూశారో చూపించే గీత ఒకటుంటుంది. అది మూడో సెకను దగ్గరే కిందికి జారిపోయింది. వందకి ముప్పై ఎనిమిది మందే మిగిలారు. కానీ పదో సెకను నుంచి, అంటే చాక్‌పీసుతో చంక గీత గీయడం మొదలైన చోటి నుంచి, గీత దాదాపు తిన్నగా సాగింది. ఉన్నవాళ్లు చివరిదాకా ఉన్నారు.

ఆ గీత చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. పాఠం బాగానే ఉంది, గుమ్మం దగ్గరే జనం వెనక్కి పోతున్నారు. నమస్తే తీసేశాను. కుట్టిన జాకెట్ బొమ్మకి తొడిగి, ఆ ముడత మీద వేలు పెట్టి "ఇది ఎందుకొస్తుందో చూడండి" అని మొదలుపెట్టాను. మిగతాదంతా పాత వీడియోనే. మళ్లీ ట్రయల్‌లో పెడితే మూడో సెకనుకి వందకి అరవై మంది ఉన్నారు. పంపినవాళ్లు మొదటిసారి నలుగురు, ఈసారి డెబ్బై పైన. అది అందరికీ షేర్ చేశాక మా జిల్లా దాటి ఆర్డర్లొచ్చాయి.

ఆ ఊపులో అందరికీ చెప్పాను, ట్రయల్‌లో ఏం తేలితే అదే ఫైనల్ అని. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. ఒకే కటోరీ జాకెట్ వీడియోని కవర్ ఫొటో మార్చి రెండుసార్లు పెట్టాను. రెండుసార్లూ చూసింది మూడు వందల చిల్లర మందే. ఒకసారి మూడు సెకన్లు దాటినవాళ్లు వందకి నలభై, ఇంకోసారి నలభై ఐదు. కవరే కలిసొచ్చిందని సంబరపడ్డాను. మూడు వందల మందిలో ఆ తేడా ఎంత? పదిహేను మంది. ఆ పూట ఎవరి చేతిలో ఫోనుందో దాన్నిబట్టి కూడా అంత తేడా వస్తుంది. ముప్పై ఎనిమిదికీ అరవైకీ ఉన్నంత తేడా కనిపిస్తేనే ఇప్పుడు నేను దేన్నైనా మారుస్తున్నాను.

ఇంకోటి ఆటో షేర్. ట్రయల్ మొదటి 72 గంటల్లో బాగా ఆడితే దానంతటదే ఫాలోవర్లకి వెళ్లే ఏర్పాటు. అది చూసేది వ్యూస్‌నే. నేను ఎప్పుడూ ఆన్‌లో ఉంచేదాన్ని. డీప్ నెక్ జాకెట్ వీడియోలో నోరు జారి "భుజం అర అంగుళం పెంచండి" అన్నాను. వెనక మెడ లోతు పెరిగితే భుజం తగ్గించాలి, లేకపోతే జారిపోతుంది. కుట్టు వచ్చినవాళ్లు కామెంట్లలో పట్టుకున్నారు. "తగ్గించాలి కదా" అని ఒకరు, "లేదు, అక్క చెప్పిందే కరెక్ట్" అని ఇంకొకరు, ఏది నిజమో చూడ్డానికి మళ్లీ మొదటినుంచి చూసినవాళ్లు కొందరు. వ్యూస్ పెరిగిపోయాయి. పెళ్లి ఆర్డర్ల హడావిడిలో నేను కామెంట్లు తెరవలేదు. మూడో రోజు అది నా ఫాలోవర్లందరికీ వెళ్లిపోయింది.

నా దగ్గర నేర్చుకున్న అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, మీరు చెప్పినట్టే కట్ చేశాను, భుజం నిలవట్లేదు" అంది. పట్టు గుడ్డ. కస్టమర్‌ది. ఆ గుడ్డ నేనే కొనిచ్చాను, వీడియో తీసేశాను. తెలియనివాళ్లు ఎంతసేపు చూశారన్నది ట్రయల్ చెబుతుంది. చెప్పింది తప్పో ఒప్పో కామెంట్లు చదివి నేనే చూసుకోవాలి. ఆ రోజు నుంచి ఆటో షేర్ ఆఫ్‌లోనే ఉంది. ఇరవైనాలుగు గంటలయ్యాక ముందు కామెంట్లు చదివి, ఆ తర్వాతే గీత చూస్తున్నాను.

నాకైతే ఇది వదులుకోలేని సదుపాయం. నా ఫాలోవర్లలో చుట్టాలూ కస్టమర్లూ ఎక్కువ కాబట్టి అలా అనిపిస్తోంది. ఎవరికైనా ఫాలోవర్లు తక్కువగా ఉండి, చూసేవాళ్లంతా ఎలాగూ కొత్తవాళ్లే అయితే, వీడియో పెట్టే అలాంటివాళ్లకి దీనివల్ల పెద్దగా తేడా తెలియకపోవచ్చు. పండగ డిస్కౌంట్, షాపు టైమింగ్స్ లాంటివి నేనూ ట్రయల్‌లో పెట్టను. అవి చూడాల్సింది తెనాలివాళ్లే. కటింగ్ పాఠాలు మాత్రం ముందు అక్కడికే వెళ్తాయి. మా పిన్ని లైక్ ఒక రోజు ఆలస్యంగా వస్తుంది, అంతే.