పదిహేను నెలలు యాప్‌లో అద్దె కట్టాక: యాప్‌లో సక్సెస్, ఓనర్‌కి సున్నా

క్రెడిట్ కార్డుతో అద్దె కట్టే యాప్ ఒకటి పదిహేను నెలలు వాడాను. పద్నాలుగు నెలలు ఏ గొడవా లేదు. జీతం రాకముందే అద్దె వెళ్ళిపోయేది, కార్డు బిల్లు కట్టడానికి దాదాపు నెల టైం దొరికేది, అందుకే ఫీజు ఉన్నా సరేలే అనుకున్నా. మొదట్లో పాయింట్ల ఆశ కూడా ఉండేది గానీ, అద్దె చెల్లింపులకి వేరే కేటగిరీ కోడ్ పడుతుంది కాబట్టి మా కార్డు బ్యాంకు వాటికి పాయింట్లు ఆపేసింది, పైగా తన వంతుగా ఒక శాతం ఛార్జీ కూడా మొదలుపెట్టింది. అప్పుడే మానేయాల్సింది. బద్ధకం.

పదిహేనో నెల మూడో తారీఖున 20,000 కట్టాను. యాప్ ఫీజు ఒకటిన్నర శాతం, అంటే 300, దాని మీద పన్ను. పచ్చ టిక్కు వచ్చింది, కింద "ఓనర్ గారు" అని పేరు, సక్సెస్ అని మెసేజ్. ఆరో తారీఖున ఆయన ఫోన్ చేసి, "ఏమ్మా, ఈ నెల అద్దె ఇంకా పడలేదు, మర్చిపోయావా?" అన్నారు. స్క్రీన్‌షాట్ పంపాను. ఆయన బ్యాంకుకి వెళ్ళి అందులో ఉన్న నంబరు చూపిస్తే, అలాంటి లావాదేవీ మా దగ్గర కనిపించడం లేదన్నారట.

కనిపించదు కూడా, ఎందుకంటే అది యాప్ తనకి తాను ఇచ్చుకున్న ఆర్డర్ నంబరు. ఇక్కడ జరిగేవి రెండు వేర్వేరు చెల్లింపులు: మన కార్డు నుంచి యాప్‌కి ఒకటి, యాప్ నుంచి ఓనర్ ఖాతాకి మామూలు బ్యాంకు ట్రాన్స్‌ఫర్ ఇంకొకటి. నాకు వచ్చిన సక్సెస్ మొదటిదానికి మాత్రమే. రెండోది జరిగితే దానికి బ్యాంకు రిఫరెన్స్ నంబరు విడిగా ఉంటుంది, ఓనర్ బ్యాంకు వెతకగలిగేది దాంతోనే. సపోర్ట్ వాళ్ళని "ఓనర్ ఖాతాకి పంపిన ట్రాన్స్‌ఫర్ రిఫరెన్స్ నంబరు ఇవ్వండి" అని సూటిగా అడిగేదాకా, "మీ చెల్లింపు విజయవంతమైంది, 48 గంటలు ఆగండి" అన్న ముక్కే నాలుగు సార్లు అతికించారు. అడిగాక అసలు సంగతి బయటపడింది. ట్రాన్స్‌ఫర్ వెళ్ళింది, అవతలి ఖాతా మూసేసి ఉండటంతో తిరిగొచ్చేసింది, డబ్బు యాప్ దగ్గరే ఉంది. నాకు ఆ ముక్క చెప్పే మెసేజ్ మాత్రం రాలేదు.

ఓనర్ గారు పాత ఖాతా మూసేశారు, నాకు చెప్పడం మర్చిపోయారు. అది యాప్ తప్పు కాదు, ఒప్పుకుంటా. కానీ స్క్రీన్ మీద కనబడ్డ "ఓనర్ గారు" అనే పేరు మొదటి నెలలో నేనే టైప్ చేసి సేవ్ చేసుకున్నది. బ్యాంకులో ఆ ఖాతా ఎవరి పేరున ఉందో, అసలు ఉందో లేదో చూసి చూపించిన పేరు కాదు. పదిహేను నెలలు దాన్ని చూసి ధైర్యంగా ఉన్నా.

ఈలోగా ఆయన్ని ఆపలేక సేవింగ్స్ నుంచి 20,000 నేరుగా వేసేశా. అంటే ఒకే అద్దెకి రెండు సార్లు డబ్బు ఇరుక్కుంది. పన్నెండున స్టేట్‌మెంట్ వచ్చింది, పదిహేనున అద్దె మొత్తం కార్డుకి రీఫండ్ అయింది. హమ్మయ్య అనుకునేలోపు కార్డు బ్యాంకు చెప్పిందేమిటంటే, స్టేట్‌మెంట్ వచ్చాక పడిన రీఫండ్‌ని బిల్లు చెల్లింపుగా లెక్కపెట్టరట, మినిమం డ్యూ నేను విడిగా కట్టాలట. తెలియక ఊరుకుంటే లేట్ ఫీజు కూడా పడేది.

ఇక ఫీజులు. యాప్ వాళ్ళు ముందు కన్వీనియెన్స్ ఫీజు వెనక్కి రాదన్నారు, తర్వాత వచ్చే నెల అద్దెకి వాడుకొమ్మని ఒక కూపన్ ఇచ్చారు (ఇంకోసారి మీ దగ్గరే కట్టాలన్నమాట!). నేను వద్దని, ఆ ఫీజు వరకే కార్డు బ్యాంకులో డిస్ప్యూట్ వేశా: డబ్బు చేరవేయడానికి ఫీజు తీసుకున్నారు, చేరవేయలేదు, సేవ అందలేదు. తిరిగొచ్చిందని సపోర్ట్ వాళ్ళే రాసిన మెయిల్, ఓనర్ ఖాతా మూసేసినట్టు ఆయన బ్యాంకు ఇచ్చిన కాగితం జత చేశా. మూడు వారాలకి 300, పన్ను వెనక్కి వచ్చాయి.

కార్డు బ్యాంకు వేసిన ఒక శాతం, ఆ 200 మాత్రం రాలేదు. చెల్లింపు రద్దయి ఉంటే ఆ ఛార్జీ తీసేసేవాళ్ళట, ఇది విడిగా వచ్చిన రీఫండ్ కాబట్టి మొదటి లావాదేవీ అలాగే నిలబడి ఉందట. ఫోన్‌లో ఇద్దరు ఇదే చెప్పారు, మెయిల్‌కి ఇంకా జవాబు లేదు.

ఐదుకి రెండు స్టార్లు, అవి ఆ పద్నాలుగు నెలలకి. అద్దె ఇప్పుడు నేరుగా ఓనర్ గారి కొత్త ఖాతాకే వేస్తున్నా, వేసే ముందు బ్యాంకు చూపించే పేరు ఆయనదేనా అని చదువుకుని.