మాట లేని వాపు ఫొటో: నాలుగేళ్లుగా వాడుతున్న ప్రశ్నల కార్డు గురించి

నేను డెల్టాలో ఒక పల్లె సబ్‌సెంటర్‌లో మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్‌ని, అంటే ఎం.ఎల్.హెచ్.పి.ని. తొలకరి పడిందంటే నా ఫోనుకి వాపుల ఫొటోలు మొదలవుతాయి. చెయ్యో, మడమో, కంటిరెప్పో. కింద ఒక్క ముక్క రాసి ఉండదు. చూస్తే తెలిసిపోతుంది కదా అని పంపినవాళ్ల నమ్మకం. తెలియదు. కందిరీగ కుట్టిన చెయ్యి, రక్తపింజరి కాటు పడిన చెయ్యి మొదటి గంటలో ఫోనులో ఒక్కలాగే కనిపించవచ్చు. మన ఒంటి రంగు మీద ఎరుపు సరిగా పడదు, వేడి అసలే కనపడదు. అందుకని ఫొటో రాగానే అడగాల్సినవి ఒక అట్టముక్క మీద రాసి బల్ల దగ్గర గోడకి అంటించుకున్నాను. ఆశా కార్యకర్తలకీ తలో కాపీ ఇచ్చాను. ఈ నాలుగేళ్లలో దాన్ని మూడుసార్లు తిరగరాశాను.

కార్డులో మొదటి పంక్తి ప్రశ్న కాదు: "టైపు చెయ్యొద్దు, ఫోను చెయ్యి." మనిషి గొంతు వింటే సగం సంగతి అక్కడే తెలుస్తుంది. ఒక వాక్యం ఆయాసం లేకుండా చెప్పగలుగుతున్నారా, గొంతు బొంగురుపోయిందా, మింగుడు పడుతోందా? ఆ వెంటనే పెదవులు, నాలుక వాచాయా, కుట్టిన చోట కాకుండా ఒళ్లంతా దద్దుర్లు లేచాయా, వాంతి గానీ కళ్లు తిరగడం గానీ ఉందా అని అడుగుతాను. ఒంటికి పడని విషమైతే ఈ గొడవంతా సాధారణంగా నిమిషాల్లో మొదలై గంటలోపే బయటపడుతుంది. వీటిలో ఒక్కటి తేడాగా ఉన్నా మిగతా ప్రశ్నలు మానేసి 108కి చెప్పిస్తాను. మనిషిని పడుకోబెట్టమంటాను, ఆయాసంగా ఉంటే ఆనుకుని కూర్చోనివ్వమంటాను, లేపి నడిపించవద్దంటాను. ఈ భాగం మొదటి రోజు రాసినట్టే ఉంది. మార్చాల్సిన అవసరం రాలేదు.

మార్చింది రెండో ప్రశ్నని. మొదట్లో అది "ఏం కుట్టింది?" అని ఉండేది. అడగడానికి ఎంతో సహజమైన ప్రశ్న, కానీ నన్ను దెబ్బ తీసింది కూడా అదే. మొదటి ఏడాది ఒకాయన జెర్రి అన్నాడు, నేను జెర్రి అనే పట్టుకున్నాను. నొప్పి మాత్ర చెప్పి నలభై నిమిషాలు పోగొట్టాను. కరిచింది పాము. ఆయన దాన్ని కళ్లతో చూడలేదు, పక్కనున్నవాళ్లు జెర్రి అయ్యుంటుందిలే అన్నారంతే. ఆయన బతికాడు. కానీ ఆ నలభై నిమిషాలు ఇప్పటికీ నాకు గుర్తున్నాయి. పైగా మన ఊళ్లలో చీకటి పడ్డాక పాము పేరు ఎత్తరు, "పురుగు ముట్టింది" అంటారు. బయట చదువుకుని వచ్చిన డాక్టరు అది విని నిజంగానే పురుగనుకుంటాడు. అందుకే ఇప్పుడు "ఏం కుట్టింది?" ఆఖరుకి వెళ్లింది. దాని పక్కనే "కళ్లతో చూశారా?" అని కలిపాను.

దాని స్థానంలోకి "ఎప్పుడు?" వచ్చింది. దీనికి "ఇందాకే" అంటారు. ఇందాక అంటే పది నిమిషాలూ కావచ్చు, మధ్యాహ్నమూ కావచ్చు. గడియారం అడిగితే లాభం లేదు, పని అడగాలి. పాలు పిండక ముందా తర్వాతా? కరెంటు పోయినప్పటికి వాపు ఉందా? ఇంకో మాట, వాట్సాప్ చూపించేది ఫొటో పంపిన టైము, తీసిన టైము కాదు. రాత్రి తీసిన ఫొటోని పొద్దున ఆశా అక్కకి పంపిస్తే, ఆమె నాకు పంపేసరికి అది ఇప్పటి వాపులాగే ఉంటుంది. "ఈ ఫొటో ఎప్పుడు తీశారు?" అన్నది రెండో సంవత్సరంలో కలిసింది.

పోయిన వానాకాలం సంగతి చెబితే కార్డు ఎలా పనిచేస్తుందో అర్థమవుతుంది. రాత్రి ఎనిమిదీ పదికి ఒక కుర్రాడి నుంచి ఫొటో వచ్చింది. ఆడమనిషి పాదం, బొటనవేలి పైన చిన్న చుక్క, చుట్టూ వాపు. ఫోను చేశాను. ఊపిరి బాగానే ఉంది, దద్దుర్లు లేవు. ఎప్పుడని అడిగితే, "పాలు పిండక ముందు మేడం, గట్టు మీద గడ్డి కోస్తుంటే ముల్లు గుచ్చుకున్నట్టు చురుక్కుమందంట." అంటే ఆరున్నర. అప్పుడు వాపు ఎంత అన్నాను. చుక్క చుట్టూ రూపాయి బిళ్లంత. ఇప్పుడు? చీలమండ దాకా. దురదా, నొప్పా? "దురద లేదు, కాలు పగిలిపోతున్నట్టుంది అంటోంది అమ్మ." చుక్కలోంచి ఇంకా నెత్తురు చెమరుస్తోందని తనే చెప్పాడు.

గంటా నలభై నిమిషాల్లో వేలి నుంచి చీలమండకి పాకిన వాపు, దురద లేని నొప్పి, ఆగని నెత్తురు. ఏం కరిచిందో ఇంక నేను అడగలేదు. 108కి చెప్పి, మెట్టెలు, పట్టీలు తీసేయమన్నాను. కట్టు కట్టవద్దు, కొయ్యవద్దు, కాలు కదపకుండా పడుకోబెట్టు అన్నాను. బండి వచ్చేలోపు వాపు అంచున పెన్నుతో గీత గీసి, పక్కనే టైము వేసి ఫొటో తీయమన్నాను. 8:25కి ఒక గీత. 8:45 ఫొటోలో వాపు ఆ గీత దాటి రెండు వేళ్లు పైకెక్కింది. ఏరియా ఆసుపత్రిలో ఆమె రక్తాన్ని శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచారు. గడ్డకట్టలేదు. పాము విషానికి విరుగుడు పది వయల్స్‌తో మొదలుపెట్టారు. ఆమె ఇప్పుడు మళ్లీ గడ్డి కోతకి వెళ్తోంది.

ఆ గీత మీద ఒక హెచ్చరిక. అది బండి కోసం ఎదురుచూసేటప్పుడు చేసే పని, బండి పిలవాలా వద్దా తేల్చుకోవడానికి కాదు.

ఇక రోజూ వచ్చేవి కందిరీగ వాపులు. వీటికీ టైమే దారి చూపిస్తుంది. ముంజేతి మీద కుడితే మర్నాటికి మోచేతి దాకా వాచి, చూసినవాళ్లు భయపడి సూది వెయ్యమంటారు. కుట్టిన ఒకటి రెండు రోజుల్లో పెరిగి, దురద ఎక్కువగా ఉండి, జ్వరం లేకపోతే అది ఒంటి స్పందనే. రోజుకో సిట్రజిన్ పది మిల్లీగ్రాములు, తడిగుడ్డ, చెయ్యి ఎత్తి పెట్టుకోవడం చాలు. వారం పది రోజుల్లో దానంతట అదే దిగుతుంది. యాంటీబయాటిక్ అక్కర్లేదు. అలాకాక ఒకసారి తగ్గుముఖం పట్టి, మూడో రోజో నాలుగో రోజో మళ్లీ వేడెక్కి, సలుపు పెరిగి, జ్వరం వస్తే అది చీము పట్టే దారి, డాక్టరు చూడాల్సిందే. "నిన్నటికంటే ఎక్కువా తక్కువా?" అన్న చిన్న ప్రశ్నతో ఈ రెండూ విడిపోతాయి.

కార్డు చేతకానితనం బయటపడేది వాపు లేనిచోట. నడుము మీదో, చంకలోనో సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పొక్కు, నొప్పి లేదు, దురద లేదు. దాన్ని ఫొటో తీయాలని ఎవరికీ తోచదు. స్క్రబ్ టైఫస్ జ్వరాన్ని తెచ్చే చిగ్గర్ అనే సన్నటి పురుగు కుట్టాక జ్వరం రావడానికి సుమారు పది రోజులు పడుతుంది, అప్పటికి ఏదో కుట్టిందన్న సంగతే గుర్తుండదు. అందుకే జ్వరంతో వచ్చినవాళ్ల ఒళ్లు నేనే వెతుకుతాను.

కట్లపాము మరీ కష్టం. వాపు ఉండదు, పంటి గుర్తు కూడా కనపడకపోవచ్చు. పోయిన నెల కార్డు అడుగున ఎర్ర పెన్నుతో రాసిన పంక్తి దానికోసమే: "రాత్రి నేల మీద పడుకున్నారా? తెల్లవారుజామున కడుపునొప్పి వచ్చిందా? కనురెప్పలు వాలుతున్నాయా?"