పచ్చ గుర్తును ఎంతవరకు నమ్మాలి: విదేశీ బిల్లులు చదివే సాఫ్ట్‌వేర్‌తో రెండేళ్లు

భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో కొనుగోళ్ల లెక్కలు చూస్తాను. యంత్రాల విడిభాగాల కోసం ఇటలీ, జర్మనీల నుంచి నెలకు పది పన్నెండు ఇన్‌వాయిస్‌లు వస్తాయి. చాలావరకు వాట్సాప్‌లో ఫొటోలుగానే వస్తాయి. ఆ ఫొటోలు చదివి అంకెలను లెక్కల్లోకి ఎక్కించే సాఫ్ట్‌వేర్‌ను రెండేళ్లుగా వాడుతున్నాను. దానిలో నాకు బాగా నచ్చింది ఒక్కటే. ప్రతి వరుసలో పరిమాణాన్ని ధరతో గుణించి, మొత్తంతో సరిపోతే పచ్చ గుర్తు, సరిపోకపోతే ఎర్ర గుర్తు పెడుతుంది.

దాని విలువ మొదటి నెలలోనే తెలిసింది. జర్మనీ నుంచి గ్రీజు బిల్లు వచ్చింది. పరిమాణం 2,500 కిలోలు, ధర 48,00, మొత్తం 120,00 యూరోలు. మనం రెండు వేల ఐదు వందలు అనుకుంటాం, సాఫ్ట్‌వేర్ కూడా అలాగే అనుకుంది. కానీ 2500ను 48తో గుణిస్తే 1,20,000 వస్తుంది, కాగితం మీద ఉన్నది 120. వెంటనే ఎర్ర గుర్తు పడింది. అక్కడ కామా అంటే మన దశాంశ బిందువు. వచ్చిన సరుకు రెండున్నర కిలోలే.

తేడా సరిగ్గా వెయ్యి రెట్లు ఉంటే కామాను, చుక్కను తారుమారుగా చదివినట్టని అప్పుడే పట్టుబడింది. వంద రెట్లు ఉంటే గుర్తు అసలు కనబడలేదని అర్థం. ఫొటో మసకబారి కామా మాయమైతే 120,00 కాస్తా 12000 అవుతుంది. అందుకే ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమని అడుగుతాను. అలా పంపితే కామా తోక అంకెల కిందికి దిగి స్పష్టంగా కనిపిస్తుంది.

ఆ ఉత్సాహంలో చుట్టుపక్కల హ్యాచరీల అకౌంటెంట్లందరికీ ఈ సాఫ్ట్‌వేర్ కొనమని చెప్పాను. పచ్చ గుర్తు పడితే ఇక చూడక్కర్లేదని కూడా అన్నాను. ఆ రెండో మాట అనకుండా ఉండాల్సింది.

కిందటి ఏడాది ఇటలీ నుంచి ఒక మోటారు బిల్లు వచ్చింది. అమ్మినవాళ్లు రెండు పేజీల్లో మొదటి దాని ఫొటో మాత్రమే పంపారు. మోటారు 1, ధర 1.250, మొత్తం 1.250. కింది వరుసలో రవాణా 1, ధర 85, మొత్తం 85. సాఫ్ట్‌వేర్ ఆ ధరను ఒకటింబావు యూరో అని చదివింది. ఒకటిని ఒకటింబావుతో గుణిస్తే ఒకటింబావే కదా, పచ్చ గుర్తు పెట్టేసింది. నేను కూడా చూడకుండా ఎక్కించేశాను.

మర్నాడు రెండో పేజీ వచ్చింది. దాని మీద మొత్తం 1.335 అని ఉంది. మన లెక్కలో 1.25కి 85 కలిపితే 86.25 అవుతోంది. అదే 1250కి 85 కలిపితే 1335. వాళ్లు పూర్తి యూరోలే వేసి, చివరి రెండు సున్నాలను వదిలేశారు. చుక్క వేలను విడదీసే గుర్తు. బ్యాంకుకు ఇచ్చే చెల్లింపు పత్రం అప్పటికే తప్పు మొత్తంతో తయారై బల్ల మీద ఉంది. ఆ సాయంత్రం నాకు అన్నం సహించలేదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఏమిటంటే, మొదటి పేజీలోనే ఆధారం ఉంది. అడుగున బరువు 12,4 కిలోలు అని అచ్చయి ఉంది. కామా తర్వాత ఒక్క అంకే ఉంటే అది వేలను విడదీసే కామా కాలేదు. అంటే ఆ కాగితంలో కామా దశాంశానికి వాడారు, కాబట్టి చుక్క వేలకే. గుర్తు తర్వాత సరిగ్గా మూడంకెలుంటేనే సందేహం. అలాంటప్పుడు ఆ అంకెనే పట్టుకుని చూస్తే తేలదు. అదే కాగితంలో 1.250,00 లాగా రెండు గుర్తులూ ఉన్న అంకెను వెతకాలి. అందులో చివరి గుర్తే దశాంశం. ఈ సాఫ్ట్‌వేర్ ఆ పని చేయదు, ఏ వరుసకు ఆ వరుసే చూస్తుంది. పరిమాణం 1 అయిన చోట దాని గుణకారం ఎందుకూ పనికిరాదు. విడిభాగాల బిల్లుల్లో ఎక్కువగా ఉండేది ఆ ఒకటే.

సరఫరాదారు వారీగా కామానో చుక్కనో ముందే ఎంచుకునే వీలుంది. అందరికీ పెట్టేశాను. అయినా పూర్తిగా నిశ్చింత లేదు. ఒక జర్మన్ కంపెనీ సొంత భాషలో 1.250,00 అని వేస్తుంది, మేము ఇంగ్లిష్ ప్రతి అడిగితే 1,250.00 అని పంపుతుంది.

చందా గడువు ముగిస్తే మళ్లీ కడతాను. నెలకు పది పన్నెండు బిల్లులే కాబట్టి పరిమాణం 1 ఉన్న ప్రతి వరుసనూ కంటితో చూసుకునే తీరిక నాకుంది. వందల బిల్లులు వచ్చేవాళ్ల సంగతి వేరు. పక్క హ్యాచరీకి సరుకంతా థాయిలాండ్ నుంచి వస్తుంది. అక్కడ దశాంశానికి మనలాగే చుక్క వాడతారు కాబట్టి వాళ్లకు ఈ ఖర్చు అవసరం లేదేమో. నేను మాత్రం ఇప్పుడు చివరి పేజీ చేతికి రాకుండా ఏ బిల్లునూ ఎక్కించడం లేదు.